రెండు గీతల మధ్య ఎడం

ఒకామెకు 32 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. ఇంకొకాయనకు 56 ఏళ్లు, సిరిసిల్లలో 30 ఏళ్లుగా మరమగ్గాల మీద పని. ఇద్దరూ ఆసుపత్రికి వచ్చి చెప్పింది ఒకటే మాట: చెవులు సరిగ్గా వినబడటం లేదు. ఇద్దరికీ వినికిడి పరీక్ష చేసి, మాటలు అర్థం కావడానికి అవసరమైన నాలుగు ఫ్రీక్వెన్సీల దగ్గర వచ్చిన అంకెలకు సగటు కట్టారు. కుడి చెవి లెక్కలో ఆమెకు దాదాపు 48 డెసిబెల్స్ వచ్చింది, ఆయనకు 46. రెండింటినీ మోస్తరు లోపమనే అంటారు. అయినా ఆమెకు గంట లోపు పట్టే ఆపరేషన్‌తో వినికిడి చాలావరకు తిరిగి వచ్చే అవకాశం ఉంది. ఆయన చెవికి మాత్రం అలాంటి ఆపరేషన్ ఈ ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఈ ఇద్దరూ ఫలానా ఊళ్లోని ఫలానా మనుషులు కారు. ఏ పెద్దాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలోనైనా తరచూ కనబడే రెండు రకాల గ్రాఫులకు వీళ్లను గుర్తుగా పెట్టుకున్నాం. ఇద్దరి మధ్య తేడా ఏమిటో పరీక్ష కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది. అయితే అది సగటు అంకెలో ఉండదు. గ్రాఫులో ఒకే చెవికి గీసిన రెండు గీతల్లో ఉంటుంది. చాలామంది ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టుకుంటారే తప్ప అందులో రెండు గీతలు ఎందుకున్నాయని అడగరు. అడగాల్సిన ప్రశ్న అదే.

గీతల సంగతి తెలియాలంటే ముందు శబ్దం నడిచే దారి తెలియాలి. గాలిలో వచ్చిన శబ్దం చెవి రంధ్రంలోకి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. కర్ణభేరికి అతుక్కుని మూడు చిన్న ఎముకలు గొలుసులా ఉంటాయి. వాటిలో చివరిది స్టేపిస్, గుర్రపు జీను రికాబు ఆకారంలో ఉండే ఎముక. మూడు మిల్లీమీటర్ల ఎత్తుండే ఈ స్టేపిస్ మన శరీరంలోని ఎముకలన్నింటిలోకీ చిన్నది. దాని పాదం కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు గదికి ఉన్న చిన్న కిటికీలో అమరి ఉంటుంది. కాక్లియా నిండా ద్రవం. స్టేపిస్ ముందుకూ వెనక్కూ కదిలితే ఆ ద్రవంలో అల పుడుతుంది, ఆ అలకు లోపలి వెంట్రుక కణాలు వంగుతాయి, అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతాన్ని నరం మెదడుకు మోసుకెళుతుంది.

మధ్యలో ఈ ఎముకల గొలుసు ఎందుకన్న సందేహం రావచ్చు. గాలిలోని శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి తుళ్లిపోతుంది, వెయ్యింట ఒక వంతు మాత్రమే లోపలికి దిగుతుంది. చెరువులో మునిగినవాడికి గట్టు మీది మాటలు వినబడనిది అందుకే. కర్ణభేరి విస్తీర్ణం స్టేపిస్ పాదం కంటే సుమారు 17 రెట్లు ఎక్కువ. అంత మేర మీద పడిన ఒత్తిడిని తెచ్చి చిన్న చోట నొక్కడం వల్ల, ఎముకల మీట బలం కూడా కలవడం వల్ల, పోయిన శబ్దంలో చాలా భాగం తిరిగి దక్కుతుంది.

దారిలో ఈ మొదటి సగం, అంటే చెవి రంధ్రం నుంచి స్టేపిస్ వరకు, ఎక్కడ అడ్డు వచ్చినా దాన్ని కండక్టివ్ లోపం అంటారు. గుబిలి గట్టిపడి రంధ్రం మూసుకుపోవడం, కర్ణభేరికి చిల్లు పడటం, దాని వెనక నీరు చేరడం, ఎముకల గొలుసు తెగడం, బిగుసుకుపోవడం ఈ కోవలోవి. రెండో సగం, అంటే కాక్లియాలోని కణాలు, అక్కడి నుంచి బయల్దేరే నరం దెబ్బతింటే అది సెన్సరీన్యూరల్ లోపం. ఆసుపత్రుల్లో వాడుకగా నరాల చెవుడు అంటుంటారు కానీ ఎక్కువ మందిలో చెడేది నరం కాదు, కాక్లియాలోని వెంట్రుక కణాలు. మనిషిలో ఆ కణాలు ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు.

కపాలం ఎముక కదిలినా కాక్లియాలోని ద్రవం కదులుతుంది. అందుకు కర్ణభేరితో పని లేదు. ఈ విషయాన్ని ఇప్పుడే పరీక్షించి చూడొచ్చు. పెదవులు మూసుకుని "మ్‌మ్‌మ్" అంటూ ఒక చెవిని వేలితో గట్టిగా మూయండి. మూసిన చెవిలోనే ఆ శబ్దం పెద్దగా మోగుతుంది. గొంతు కంపనం ఎముకల మీదుగా లోపలికి చేరుతోంది, వేలు అడ్డుపెట్టడం వల్ల అది బయటికి జారిపోలేకపోతోంది. వినికిడి పరీక్షకు ఆధారమైన కిటుకు ఇదే. శబ్దాన్ని ఒకసారి గాలి దారిలో, ఒకసారి ఎముక దారిలో పంపి, రెండుసార్లూ మనిషి ఎక్కడ విన్నాడో పోల్చడం.

పరీక్ష శబ్దం చొరని చిన్న గదిలో జరుగుతుంది. అంతకుముందే చెవిలోకి లైటు వేసి గుబిలి ఉందేమో చూడాలి, ఉంటే తీసేయాలి. తర్వాత తలకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, ఎంత సన్నగా వినబడినా సరే నొక్కమని చెబుతారు. బాగా వినబడే చెవితో, 1000 హెర్ట్జ్ కూతతో మొదలుపెడతారు. మనిషి బటన్ నొక్కితే ఆడియాలజిస్ట్ శబ్దాన్ని 10 డెసిబెల్స్ తగ్గిస్తారు. నొక్కకపోతే 5 పెంచుతారు. ఇలా దిగుతూ ఎక్కుతూ, పైకి వచ్చే ప్రయత్నాల్లో కనీసం సగంసార్లు వినబడిన అతి తక్కువ స్థాయిని పట్టుకుని గ్రాఫు మీద చుక్క పెడతారు. పరీక్షకు కూర్చున్నవాళ్లలో చాలామంది "విన్నానో లేదో అనుమానంగా ఉంది, తప్పు నొక్కానేమో" అని కంగారుపడతారు. వెతుకుతున్నదే ఆ అనుమానపు అంచును కాబట్టి అలా అనిపించడం సహజం.

ఇక ఆ గ్రాఫు, అంటే ఆడియోగ్రామ్. అడ్డంగా ఎడమ నుంచి కుడికి ఫ్రీక్వెన్సీలు: 250 దగ్గర మొదలై 500, 1000, 2000, 4000, 8000 హెర్ట్జ్. ఎడమ పక్కన బొంగురు శబ్దాలు, కుడి పక్కన కీచు శబ్దాలు అన్నమాట. నిలువుగా డెసిబెల్స్, పైన మైనస్ 10తో మొదలై కిందికి 120 దాకా. బడిలో గీసిన గ్రాఫుల్లో పైకి పోతే ఎక్కువ. ఇక్కడ చుక్క ఎంత కిందికి దిగితే ఆ శబ్దం వినబడటానికి అంత గట్టిగా మోగించాల్సి వచ్చిందని అర్థం. సున్నా అంటే నిశ్శబ్దం కాదు. మంచి వినికిడి ఉన్న యువతీయువకుల సగటు హద్దును సున్నాగా పెట్టుకున్నారు, అంతే. అందుకే కొందరి చుక్కలు సున్నాకు పైన కూడా పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన వర్గీకరణ ప్రకారం సగటు 20 లోపు ఉంటే మామూలు వినికిడి, 35 నుంచి 50 లోపు ఉంటే మోస్తరు లోపం. మనమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాటలు ఈ గ్రాఫు మీద సుమారు 20కీ 55కీ మధ్య పరుచుకుంటాయి.

కుడి చెవి గుర్తులు ఎర్ర రంగులో, ఎడమ చెవివి నీలంలో ఉంటాయి. హెడ్‌ఫోన్‌తో చేసిన పరీక్షకు కుడి చెవికి గుండ్రాలు, ఎడమ చెవికి ఇంటూ గుర్తులు. ఇది గాలి గీత. తర్వాత హెడ్‌ఫోన్ తీసేసి, చెవి వెనక గట్టిగా తగిలే ఎముక మీద అగ్గిపెట్టె కంటే చిన్న వైబ్రేటర్ ఒకటి స్ప్రింగ్ పట్టీతో బిగించి మళ్లీ పరీక్ష చేస్తారు. ఈసారి గుర్తులు బాణం మొన ఆకారంలో, కొన్నిసార్లు చదరపు బ్రాకెట్ల ఆకారంలో ఉంటాయి. ఇది ఎముక గీత. గాలి గీత మొత్తం దారిని కొలుస్తుంది, ఎముక గీత లోపలి సగాన్ని మాత్రమే కొలుస్తుంది. రెండింటి మధ్య ఎడం ఎంతుందో, బయటి సగంలో అంత నష్టం జరుగుతోందని లెక్క. 10 డెసిబెల్స్ దాటిన ఎడం కనబడితే డాక్టర్ ఆగి చూస్తారు.

ఇప్పుడు ఆమె కాగితం తీద్దాం. కుడి చెవిలో గాలి గీత 500 దగ్గర 50, 1000 దగ్గర 50, 2000 దగ్గర 45, 4000 దగ్గర 45. దాదాపు బల్లపరుపు. ఎముక గీత మాత్రం ఎంతో పైన ఉంది: 500 దగ్గర 5, 1000 దగ్గర 10, 2000 దగ్గర 25, 4000 దగ్గర 10. అంటే 500 దగ్గర రెండు గీతల మధ్య 45 డెసిబెల్స్ ఎడం. ఆమె కాక్లియా చక్కగా పనిచేస్తోంది, కానీ శబ్దం అక్కడిదాకా చేరడం లేదు. కర్ణభేరి చూస్తే చిల్లు లేదు, నీరు లేదు, చూడటానికి ఆరోగ్యంగా ఉంది. అయితే అడ్డు ఎక్కడ? ఆమె తల్లికీ ఇలాగే ముప్ఫైల్లో వినికిడి తగ్గిందట. ఆమెకు రెండో కాన్పు తర్వాత తేడా బాగా తెలిసిందట. ఇవన్నీ కలిపి చూస్తే డాక్టర్ అనుమానం ఓటోస్క్లెరోసిస్ మీదికి పోతుంది. స్టేపిస్ పాదం చుట్టూ కొత్త ఎముక పెరిగి, కిటికీలో అది కదలకుండా బిగుసుకుపోయే జబ్బు ఇది. కుటుంబాల్లో వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువగా కనబడుతుంది.

ఆమె తీరు కూడా గ్రాఫుకు సరిపోతుంది. ఆమె మాట చాలా మెత్తన. ఇంట్లోవాళ్లు "కాస్త గట్టిగా చెప్పమ్మా" అంటూనే ఉంటారు. బయటి శబ్దాలు తగ్గిపోయి, తన గొంతు మాత్రం ఎముకల మీదుగా తనకు పెద్దగా వినబడుతుంది కాబట్టి తాను గట్టిగానే మాట్లాడుతున్నానని ఆమె నమ్మకం. ఆర్టీసీ బస్సులోనో పెళ్లి పందిట్లోనో ఆమెకు మాటలు ఇంట్లోకంటే తేలిగ్గా అందుతాయి. అక్కడి హోరు ఆమె చెవికి సగమే చేరుతుంది, మనుషులు మాత్రం హోరును మించి గొంతు పెంచి మాట్లాడతారు. టీవీ వాల్యూమ్ పెంచితే ఆమెకు ప్రతి మాటా తేటగా అర్థమవుతుంది. తగినంత గట్టిగా చదివి వినిపించిన 25 తెలుగు పదాల్లో 24 ఆమె సరిగ్గా తిరిగి చెప్పగలదు.

ఆమె ఎముక గీతలో ఒకచోట ఆగాలి. 5, 10 అంటూ సాగిన గీత 2000 దగ్గర ఉన్నట్టుండి 25కు దిగి, 4000 దగ్గర మళ్లీ 10కి లేచింది. కాక్లియా ఆ ఒక్కచోట దెబ్బతిందా? అమెరికాకు చెందిన రేమండ్ కార్హార్ట్ 1950లో ఈ పల్లాన్ని వివరంగా గుర్తించారు. స్టేపిస్ బిగుసుకున్న రోగుల్లో కనబడే ఈ పల్లం విజయవంతమైన ఆపరేషన్ తర్వాత మాయమవుతోంది. కాక్లియాను ఆపరేషన్ బాగుచేయలేదు కాబట్టి అసలు కాక్లియాలో లోపమే లేదని తేలింది. ఎముక దారి కూడా పూర్తిగా లోపలి చెవి ఒక్కదాని సొత్తు కాదు. కపాలం కంపించినప్పుడు చెవి ఎముకల గొలుసు కూడా సుమారు 2000 హెర్ట్జ్ దగ్గర తన వంతు ఊపు కలుపుతుంది. స్టేపిస్ బిగుసుకుంటే ఆ ఊపు పోతుంది, గీత అక్కడ దిగుతుంది. నేటికీ దాన్ని కార్హార్ట్ నాచ్ అనే పిలుస్తారు. ఎముక గీతను కళ్లు మూసుకుని నమ్మకూడదని నేర్పిన పల్లం అది.

ఆపరేషన్ చరిత్ర కూడా ఆ దశాబ్దానిదే. అమెరికాలోని మెంఫిస్‌లో జాన్ షే అనే సర్జన్ 1956లో బిగుసుకున్న స్టేపిస్‌ను తీసేసి దాని స్థానంలో కృత్రిమ ఎముకను అమర్చారు. ఇప్పుడు ఎముక మొత్తాన్ని తీయడం తక్కువ. పై భాగం తీసి, పాదంలో చిన్న రంధ్రం చేసి, ఒక మిల్లీమీటరు కూడా మందం లేని టెఫ్లాన్ లేదా టైటానియం పిస్టన్‌ను అందులో దించి, రెండో కొసను పక్క ఎముకకు తగిలిస్తారు. అనుభవమున్న చేతుల్లో పదిమందిలో తొమ్మిదిమందికి రెండు గీతల మధ్య ఎడం 10 డెసిబెల్స్ లోపుకు వస్తుంది. నూటికి ఒకరికి మాత్రం ఆ చెవిలో వినికిడి మొత్తం పోయే ప్రమాదం ఉంది. అందుకే రెండు చెవులకూ ఒకేసారి చేయరు, ముందు ఎక్కువ చెడిన చెవికి చేస్తారు. ఆపరేషన్ వద్దనుకుంటే హియరింగ్ ఎయిడ్ కూడా ఆమెకు చాలా బాగా పనిచేస్తుంది. శబ్దం పెరిగితే చాలు, లోపల వినేవాడు మేలుకునే ఉన్నాడు.

ఆయన కాగితం వేరు. గాలి గీత 500 దగ్గర 25, 1000 దగ్గర 35, 2000 దగ్గర 50, 4000 దగ్గర 75. 8000 దగ్గర మళ్లీ 60కి లేచింది. ఎముక గీత చూస్తే 25, 35, 50, 70. రెండు గీతలూ ఒకదాన్ని ఒకటి అంటుకునే దిగాయి. ఏ దారిలో పంపినా శబ్దం అదే చోట బలహీనపడుతోందంటే రెండు దారులూ కలిసేచోటే లోపం ఉన్నట్టు. 4000 దగ్గర ఒక 5 డెసిబెల్స్ తేడా ఉంది కదా అనొచ్చు. ఒకే మనిషికి రెండుసార్లు పరీక్ష చేసినా అంత తేడా వస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు.

4000 దగ్గర లోయ పడి 8000 దగ్గర లేవడం హోరులో పనిచేసినవాళ్ల గ్రాఫుకు ఆనవాలు. చెవి రంధ్రం ఆకారం వల్ల 3000 హెర్ట్జ్ ప్రాంతపు శబ్దం సహజంగానే పెద్దదై లోపలికి వెళుతుంది, దానికి కొంచెం పైనున్న ఫ్రీక్వెన్సీల కణాల మీద దెబ్బ ఎక్కువగా పడుతుంది. మన దేశంలో ఫ్యాక్టరీల్లో రోజుకు 8 గంటల పనికి 90 డెసిబెల్స్‌ను హద్దుగా పెట్టారు. వరుసగా మగ్గాలు ఆడే షెడ్డులో ఆ హద్దు దాటడం మామూలే. వయసు పైబడేకొద్దీ 8000 వైపు కూడా గీత జారుతుంది, అప్పుడు లోయ పూడిపోయి మొత్తం ఏటవాలుగా మారుతుంది. డెబ్బై ఏళ్లకు అదే మనిషి గ్రాఫు చూస్తే హోరు చేసిన నష్టమెంతో, వయసు చేసిన నష్టమెంతో విడదీయడం కష్టం. కార్మికులకు నష్టపరిహారం విషయంలో ఇది నిజమైన సమస్య. అందుకే పనిలో చేరినప్పటి గ్రాఫు ఒకటి ఉండాలి. చిన్న షెడ్డుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది దగ్గర అది ఉండదు.

మాటల విషయంలో ఈ ఏటవాలు ఏం చేస్తుందో చూడండి. అచ్చుల బలం ఎక్కువగా బొంగురు వైపు, 1000 హెర్ట్జ్ అటూ ఇటూ ఉంటుంది. స, శ లాంటి హల్లులు కీచు వైపు ఉంటాయి. త, క, ప లను ఒకదాన్నుంచి ఒకటి విడదీసే ఆనవాళ్లు కూడా ఎక్కువగా 2000 నుంచి 4000 వరకు ఉన్న మేరలోనే ఉంటాయి. ఆయనకు అచ్చులు బాగా అందుతాయి, హల్లులు జారిపోతాయి. కూతురు "బాపూ, తోటకు పోదమా?" అంటుంది. ఆయన "కోటకా? ఏం కోట బిడ్డా?" అంటాడు. ఆమె దగ్గరికొచ్చి గొంతు పెంచి అదే మాట చెబుతుంది. "గట్లెందుకు ఒర్రుతున్నవ్ బిడ్డా, నాకు ఇనవడ్తది!" అని ఆయన కసురుకుంటాడు. ఇద్దరి మాటా నిజమే. ఆయనకు శబ్దం వినబడుతోంది, మాట తెలియడం లేదు. ఇక కసరుకు కారణం కోపం కాదు. సన్నని శబ్దాలను పెంచి, పెద్ద శబ్దాలను అదుపులో ఉంచే వెంట్రుక కణాలు పోవడం వల్ల ఆయన చెవిలో వినబడని స్థాయికీ, భరించలేని స్థాయికీ మధ్య జాగా కుంచించుకుపోయింది. కొంచెం పెంచితే చాలు, శబ్దం చెవిలో గుచ్చుకుంటుంది. పదాల పరీక్షలో ఎంత గట్టిగా చదివినా ఆయన 25కు 17 దగ్గర ఆగిపోవచ్చు.

కాబట్టి బజార్లో దొరికే, అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే చవక యంత్రం ఆయనకు శిక్షే. 250 హెర్ట్జ్ దగ్గర ఆయనకు అసలు సాయం అక్కర్లేదు, 4000 దగ్గర బోలెడు కావాలి. ఆడియాలజిస్ట్ ఈ గ్రాఫును ముందు పెట్టుకుని ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచాలో, పెద్ద శబ్దాన్ని ఎక్కడ కట్టేయాలో యంత్రంలో విడివిడిగా అమర్చాలి. అప్పటికీ పోయిన కణాల పని యంత్రం పూర్తిగా చేయలేదు. పెళ్లింట్లో హోరు మధ్య ఆయనకు ఇబ్బంది మిగులుతుంది. కూతురు గొంతు పెంచడం కంటే ఎదురుగా వచ్చి, మొహం కనబడేలా, కొంచెం నెమ్మదిగా చెప్పడం ఎక్కువ మేలు చేస్తుంది. త, ప ల తేడా చెవికి అందకపోయినా పెదవుల మీద కనబడుతుంది.

ఒక్క సగటు అంకె ఎంత దాస్తుందో ఈ ఇద్దరి వల్ల తెలుస్తుంది. 4000ను వదిలేసి మిగతా మూడింటికే సగటు కడితే ఆయనది 46 నుంచి 37కు పడిపోతుంది. నిజానికి ఆయన బాధంతా ఆ వదిలేసిన చోటే ఉంది. వైకల్య ధ్రువపత్రం దగ్గర కూడా సగటుదే రాజ్యం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం మాటల ఫ్రీక్వెన్సీల్లో రెండు చెవులకూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి మందగించినవారు, 70 ఉంటే బధిరులు. సదరం శిబిరానికి వెళితే ఈ ఇద్దరిలో ఎవరూ ఆ గీత దగ్గరికి చేరరు.

గ్రాఫు కూడా అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది, అది ప్రమాదకరమైనది. కుడి చెవి పూర్తిగా చచ్చిపోయి, ఎడమ చెవి బాగున్న మనిషిని అనుకుందాం. కుడి వైపు హెడ్‌ఫోన్‌లో శబ్దం పెంచుకుంటూ పోతే 60 దగ్గర ఆయన బటన్ నొక్కుతాడు. విన్నది కుడి చెవి కాదు. అంత గట్టి శబ్దం తలకాయ ఎముకల మీదుగా అవతలి వైపుకు పాకి ఎడమ చెవికి చేరింది. కుడి చెవి వెనక వైబ్రేటర్ పెడితే 5 డెసిబెల్స్‌కే నొక్కుతాడు. కపాలం ఒక్కటే కాబట్టి ఆ కంపనం ఏమాత్రం తగ్గకుండా ఎడమ కాక్లియాకు చేరుతుంది. ఇప్పుడు కాగితం మీద కుడి చెవికి గాలి గీత 60 దగ్గర, ఎముక గీత 5 దగ్గర. చూసినవాళ్లు కండక్టివ్ లోపం, ఆపరేషన్‌తో బాగవుతుంది అనుకుంటారు. ప్రాణం లేని చెవికి కత్తి పెట్టే పరిస్థితి వస్తుంది.

దీనికి విరుగుడు మాస్కింగ్. ఒక చెవిని పరీక్షిస్తున్నంతసేపూ రెండో చెవిలో "హుష్ష్" అనే హోరు వినిపించి దాన్ని పనిలో పెడతారు, అప్పుడు అది అవతలి శబ్దాన్ని దొంగతనంగా వినలేదు. మాస్కింగ్ చేసి తీసిన అంకెలకు గుర్తులు మారతాయి: కుడి చెవి గాలి గీతలో గుండ్రం బదులు త్రికోణం, ఎడమ చెవికి ఇంటూ బదులు చదరం, ఎముక గీతలో బాణం మొన బదులు చదరపు బ్రాకెట్. రెండు చెవుల మధ్య 40 డెసిబెల్స్, అంతకు మించి తేడా కనబడుతున్నా, గీతల మధ్య ఎడం ఉన్నా, ఆ గుర్తులు కాగితం మీద కనబడాలి. కనబడకపోతే "మాస్కింగ్ చేశారా?" అని అడిగే హక్కు రోగికి ఉంది. ఆపరేషన్ మాట వచ్చినప్పుడు తప్పక అడగాలి. సర్జన్లు సైతం అందుకే గ్రాఫు ఒక్కదాన్నే నమ్మరు. జర్మనీకి చెందిన రిన్నె 1855లో వివరించిన పరీక్షను, మోగే శ్రుతిదండాన్ని చెవి ముందొకసారి, చెవి వెనక ఎముక మీదొకసారి పెట్టి ఎక్కడ గట్టిగా వినబడిందని అడిగే పద్ధతిని, తమ చేత్తో చేసి చూసుకుంటారు. కాగితానికీ శ్రుతిదండానికీ పొసగకపోతే పరీక్ష మళ్లీ చేయిస్తారు.

ఈ రెండు లోపాల తేడా గంటల మీద తేలాల్సిన సందర్భం మరొకటి ఉంది. మనిషి పొద్దున లేచేసరికి ఒక చెవి దిబ్బడ వేసినట్టుంటుంది, లోపల గుయ్‌మని మోత. జలుబు వల్లనో గుబిలి వల్లనో అనుకుని మందుల షాపులో చుక్కల మందు కొని వారం పది రోజులు వేసుకుంటారు. చాలాసార్లు అది గుబిలే. కానీ కొందరిలో అది అకస్మాత్తుగా వచ్చిన సెన్సరీన్యూరల్ లోపం. మూడు రోజుల లోపు, గ్రాఫు మీద పక్కపక్కనున్న మూడు ఫ్రీక్వెన్సీల దగ్గర, 30 డెసిబెల్స్ లేదా అంతకు మించి పడిపోతే దానికి ఆ పేరు. రెండూ ఆ మనిషికి ఒకేలా అనిపిస్తాయి, దిబ్బడగా.

ఇంట్లో తేడా పట్టడానికి ఇందాకటి "మ్‌మ్‌మ్" పనికొస్తుంది. ఈసారి వేలు పెట్టకుండా అనాలి. దిబ్బడేసిన చెవిలోనే మోత ఎక్కువగా వినబడితే అడ్డు బయటి సగంలో ఉండే అవకాశం ఎక్కువ, అది వేలు చేసిన పనే గుబిలి చేస్తోంది. మోత బాగున్న చెవి వైపుకు పోతే లోపలి చెవిని అనుమానించాలి. ఇది సూచన మాత్రమే, తీర్పు కాదు. మోత బాగున్న చెవికి పోతే ఆరోజే, లేదా మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఎముక గీతతో సహా ఆడియోగ్రామ్ తీయించాలి. మోత ఎటు పోతోందో తేల్చుకోలేకపోయినా అలాగే చేయాలి.

ఎముక గీత కూడా గాలి గీతతో పాటు దిగి ఉంటే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, మాత్రలతో ఫలితం రానివాళ్లకు కర్ణభేరి గుండా సూదితో మధ్య చెవిలోకే మందు ఎక్కిస్తారు. మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టినప్పుడు ఫలితం ఎక్కువ, ఆరు వారాలు దాటాక దాదాపు ఉండదు. ఒక్క చెవికే వచ్చిన లోపం కాబట్టి నరం మీద గడ్డ లేదని రూఢి చేసుకోవడానికి ఎమ్మారై కూడా తీయిస్తారు. చికిత్స అయ్యాక, ఆ తర్వాత ఆరు నెలల లోపు, మళ్లీ ఆడియోగ్రామ్ తీసి మొదటిదానితో పోలుస్తారు. మొదటి రోజు కాగితం పోగొట్టుకుంటే చెవి ఎంత తేరుకుందో చెప్పడానికి డాక్టర్ దగ్గర కూడా ఆధారం ఉండదు.